26 శాతమా? పదివేలలో ఎనిమిదా?

మెనోపాజ్ హార్మోన్ మందుల డబ్బాల మీద అమెరికాలో ఇరవై ఏళ్లకు పైగా ఒక నల్ల గీతల పెట్టె ఉండేది. ఈ మందులతో గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు రావచ్చన్నది అందులోని హెచ్చరిక. 2025 నవంబరులో ఎఫ్‌డీఏ ఆ మాటల్ని పెట్టెలోంచి తీసేయాలని నిర్ణయించింది. మరునాటి నుంచే మన వాట్సాప్ గ్రూపుల్లో కొత్త సందేశాలు తిరగడం మొదలైంది. ‘హార్మోన్లతో క్యాన్సర్ రాదట, ఇన్నాళ్లూ అనవసరంగా భయపెట్టారట’ అని. అదే గ్రూపుల్లో అంతకుముందు తిరిగిన సందేశం ఇందుకు పూర్తిగా తలకిందులు. ‘హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ 26 శాతం!’

ఈ రెండు సందేశాలూ పుట్టింది ఒకే అధ్యయనం నుంచి. రెండూ పాఠకురాలికి చెప్పకుండా దాచింది కూడా ఒకే సంఖ్యను. ఆ సంఖ్య 2002లో ఎంతో, డబ్బా మీది అక్షరాలు మారిన తరువాతా అంతే. నేను డాక్టర్ని కాదు. పొద్దస్తమానం డేటాతో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మెనోపాజ్ ముంగిట్లో ఉన్న మనిషిని కూడా. అందుకే ఆ అధ్యయనం లెక్కను మొదటి నుంచీ చదివాను. అందులో ప్లస్సులు, గుణకారాలు తప్ప మరేమీ అక్కర్లేదు.

ఆ 26 ఎక్కడి నుంచి వచ్చింది?

ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో జరిగింది. అందులో ఒక భాగానికి గర్భసంచి ఉన్న 16,608 మంది మహిళల్ని తీసుకున్నారు. వయసు 50 నుంచి 79 మధ్య. వారిని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర, రెండో గుంపుకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. సగటున 5.2 ఏళ్లు గడిచాక, 2002 జులైలో ఈ భాగాన్ని ముందుగానే ఆపేశారు. హార్మోన్ గుంపులో రొమ్ము క్యాన్సర్ ముందే గీసిపెట్టుకున్న గీత దాటడం, మొత్తం మీద మేలు కన్నా కీడు ఎక్కువగా కనిపించడం అందుకు కారణాలు.

వచ్చిన లెక్క ఇది. ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో, ఏడాదికి ప్రతి 10,000 మందిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. హార్మోన్ మాత్ర వేసుకున్నవారిలో 38 మందికి వచ్చింది.

ఇప్పుడు దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. మొదటిది పోలిక లెక్క. 30 కాస్తా 38 అయింది కాబట్టి పెరుగుదల దాదాపు 26 శాతం (30 × 1.26 = 37.8). రెండోది తలల లెక్క. 38 లోంచి 30 తీసేస్తే 8. అంటే 10,000 మంది ఒక ఏడాది వాడితే, అదనంగా ఎనిమిది మందికి క్యాన్సర్. రెండూ నిజమే. కానీ పత్రికల శీర్షికల్లోకి ఎక్కింది 26. ఇంటింటా వినిపించింది ‘వందలో 26 మందికి’ అని. 10,000లో ఎనిమిది ఎక్కడ, వందలో 26 ఎక్కడ? రెండోది మొదటిదానికి 325 రెట్లు.

శాతంతో వచ్చే చిక్కే ఇది. అది దేని మీద శాతమో చెప్పదు. దుకాణంలో ‘50 శాతం తగ్గింపు’ బోర్డు చూస్తే మనం ముందు ధర చీటీ తిప్పి చూస్తాం. రెండు డాలర్ల దువ్వెన మీద 50 శాతమూ, రెండు వేల డాలర్ల సోఫా మీద 50 శాతమూ ఒకటి కావని అందరికీ తెలుసు. క్యాన్సర్ అనే మాట పక్కన ఉండేసరికి ఆ ధర చీటీ అడగడం మానేస్తాం.

ఫలితం ఏమైందంటే, అమెరికాలో హార్మోన్ మందుల చీటీలు రెండేళ్లు తిరగకుండానే మూడో వంతుకు పైగా పడిపోయాయి. ఒంట్లోంచి ఆవిర్లు ఎగసి రాత్రిళ్లు నిద్రలేనివారు కూడా భయంతో ఆపేశారు.

అయితే ఎనిమిది చిన్న సంఖ్యేనా?

ఒక్క మనిషికి చిన్నదే. ఊరందరికీ కాదు. 10,000లో ఎనిమిది అంటే, పది లక్షల మంది వాడితే ఏడాదికి 800 మంది. మందుల వాడకం పడిపోయాక, 2003లో అమెరికాలో కొత్త రొమ్ము క్యాన్సర్ కేసుల రేటు దాదాపు 7 శాతం తగ్గింది. ఆ తగ్గుదలకు ప్రధాన కారణం హార్మోన్లు ఆపేయడమేనని చాలామంది పరిశోధకులు భావించారు. కాబట్టి ‘క్యాన్సర్ రాదట’ అన్న కొత్త సందేశం కూడా తప్పే. డబ్బా మీద హెచ్చరిక తీసేయడమంటే ముప్పు లేదని కాదు. ఆ నల్ల పెట్టె అన్ని వయసుల వారినీ, అన్ని రకాల హార్మోన్లనూ ఒకే గాటన కట్టి భయపెడుతోందన్న విమర్శ తరువాత తీసుకున్న నిర్ణయం అది.

ఒకే గాటన ఎందుకు కట్టకూడదో అదే అధ్యయనంలోని రెండో భాగం చూపిస్తుంది. గర్భసంచి తీసేసిన 10,739 మందికి ప్రొజెస్టిన్ లేకుండా ఒట్టి ఈస్ట్రోజెన్ గానీ, ఉత్తి మాత్ర గానీ ఇచ్చి చూశారు. ఇక్కడ ఉత్తి మాత్ర గుంపులో ఏడాదికి 10,000 మందిలో 33 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, ఈస్ట్రోజెన్ గుంపులో 26 మందికే వచ్చింది. పెరగలేదు సరికదా, ఏడుగురు తగ్గారు. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత, 2020లో వెలువడిన ఫలితాల్లోనూ ఒట్టి ఈస్ట్రోజెన్ వాడినవారిలో క్యాన్సర్ తక్కువగానే ఉంది. రెండు హార్మోన్లు కలిపి వాడినవారిలో ఎక్కువగానే ఉంది.

మరి అందరికీ ఒట్టి ఈస్ట్రోజెనే ఇవ్వొచ్చు కదా? ఇవ్వకూడదు. గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర పెరిగిపోయి గర్భసంచి క్యాన్సర్‌కు దారితీయొచ్చు. దాన్ని అదుపులో పెట్టడానికే రెండో హార్మోన్. ఎఫ్‌డీఏ కూడా ఈ ఒక్క హెచ్చరికను మాత్రం పెట్టెలోంచి తీయలేదు.

తెలుగువారికి ఈ తేడా మరీ ముఖ్యం. గర్భసంచి తీయించుకున్న మహిళలు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అంటే ఒకే కుటుంబ గ్రూపులో ఒకే సందేశం చదివే ఇద్దరు అక్కచెల్లెళ్లకు వర్తించే లెక్కలు వేరు కావచ్చు.

ఒక ఇంటి లెక్క

మా వదిననే తీసుకుందాం. మా వారి అక్కయ్య. వయసు 52, టెక్సస్‌లో ఉంటుంది. గర్భసంచి ఉంది. ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు. ఏడాదిగా రాత్రికి నాలుగైదు సార్లు చెమటతో తడిసి లేస్తోంది. డాక్టర్ చర్మానికి అంటించుకునే ఈస్ట్రోజెన్ ప్యాచ్, రాత్రిపూట ఒక ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్ రాసింది. ఫార్మసీ నుంచి తెచ్చిన సంచీ నాలుగు నెలలు విప్పకుండా అల్మరాలోనే ఉంది. ఒకరోజు ఫోన్లో, “నువ్వు లెక్కలు చూసేదానివి కదమ్మా, ఆ ఇరవయ్యారు శాతం సంగతేంటో నాకు అర్థమయ్యేలా చెప్పు” అంది.

“పెద్ద హాలులో మీలాంటి వాళ్లు వెయ్యిమంది కూర్చున్నారనుకోండి వదినా” అని మొదలుపెట్టాను.

ఏడాదికి 10,000లో 30 అంటే, ఐదేళ్లకు 10,000లో 150. వెయ్యిమందికి 15. ఇది ఏ హార్మోనూ వాడకపోయినా వచ్చే క్యాన్సర్లు. ఏడాదికి ఎనిమిది అదనం అంటే, ఐదేళ్లకు 40, వెయ్యికి నాలుగు. కాబట్టి ఆ హాలులో అందరూ ఐదేళ్లపాటు రెండు హార్మోన్లూ వాడితే 15కు బదులు 19 మందికి క్యాన్సర్ వస్తుంది. నలుగురికి మందు వల్ల వస్తుంది. మిగతా 15 మందికి మందు లేకపోయినా వచ్చేదే. 981 మందికి రాదు.

“ఆ నలుగురిలో నేను ఉండనని చెప్పగలవా?” అని అడిగింది. చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. లెక్క చెప్పేది హాలు గురించి, కుర్చీ గురించి కాదు. కానీ సంచీ విప్పకుండా పక్కన పెట్టినప్పుడు ఆమె మనసులో ఉన్నది వెయ్యికి నలుగురు కాదు, నలుగురిలో ఒకరు. భయపడాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఎంతకు భయపడుతున్నామో మాత్రం తెలియాలి.

పోల్చి చూసుకోవడానికి బ్రిటన్ మెనోపాజ్ నిపుణులు వాడే ఒక పట్టిక ఉంది. 50 నుంచి 59 ఏళ్ల మహిళలు వెయ్యిమందిని ఐదేళ్లు గమనిస్తే, వారి లెక్కలో 23 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. జనం వేరు కాబట్టి మొదలు సంఖ్య మారింది. కానీ రెండు హార్మోన్లు కలిపి వాడితే అదనం ఇక్కడా నాలుగే. రోజూ రెండు యూనిట్లు, ఆపైన మద్యం తాగితే అదనం ఐదు. బీఎంఐ 30 దాటిన ఊబకాయం ఉంటే అదనం 24. వారానికి కనీసం రెండున్నర గంటలు ఒళ్లు వంచి వ్యాయామం చేస్తే ఏడుగురు తగ్గుతారు. వదిన కాసేపు ఆగి, “అయితే నేను భయపడాల్సింది ప్యాచ్‌కు కాదు, తూకం మిషన్‌కన్నమాట” అంది.

లెక్క ఎక్కడ మారుతుంది?

ఈ నాలుగు అనే సంఖ్యను పట్టుకుని అందరూ ఊరుకోకూడదు. అది మూడు చోట్ల మారుతుంది.

మొదటిది కాలం. 2019లో లాన్సెట్ పత్రికలో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చేసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 50 ఏళ్లకు మొదలుపెట్టి ఐదేళ్లు రెండు హార్మోన్లూ రోజూ కలిపి వాడితే, ప్రతి 50 మందిలో ఒకరికి అదనంగా క్యాన్సర్ వస్తుందని తేల్చింది. అంటే వెయ్యికి 20. నాలుగు ఎక్కడ, ఇరవై ఎక్కడ? ఈ లెక్క ఐదేళ్లతో ఆగదు. 50 నుంచి 69 వరకు, అంటే మందు ఆపేసిన తరువాత కూడా చాలా ఏళ్లు లెక్కపెడుతుంది. ఆ ఇరవై ఏళ్లలో వాడనివారిలో 63 మందికి వస్తే, వాడినవారిలో 83 మందికి వస్తుంది. పైగా ఇది చీటీలు వేసి విడదీసిన ప్రయోగం కాదు, తమంతట తాము వాడినవారిని గమనించిన అధ్యయనాల కూర్పు. అందులో పోలిక సంఖ్యలు కూడా పెద్దవిగానే వచ్చాయి. పదేళ్లు వాడితే అదనం దాదాపు రెట్టింపు. రాత్రిళ్లు నిద్ర కోసం రెండు మూడేళ్లు వాడడమూ, అలవాటుగా పదేళ్లు కొనసాగించడమూ ఒకటి కావన్నది దీన్నుంచి గ్రహించాల్సిన సంగతి.

రెండోది మొదలు సంఖ్య. తల్లికో, తోబుట్టువుకో రొమ్ము క్యాన్సర్ ఉండి, ఒకరి మొదలు ముప్పు రెట్టింపు ఉందనుకుందాం. 10,000లో 60. పోలిక లెక్క అదే 26 శాతం అనుకున్నా, అదనం ఇప్పుడు ఎనిమిది కాదు, దాదాపు పదహారు. శాతం మారలేదు, తలలు మారాయి. ఇది ఎదురు దిశలో కూడా పనిచేస్తుంది. భారత్‌లో రొమ్ము క్యాన్సర్ రేటు అమెరికా రేటులో మూడో వంతు కన్నా తక్కువ. అందుకని ఇక్కడి అదనాన్ని తీసుకెళ్లి గుంటూరులో ఉన్న అక్కకు అలాగే అంటగట్టకూడదు. అలాగని ఇక్కడ పుట్టి పెరిగిన మన ఆడపిల్లలకు అక్కడి తక్కువ రేటును ఆసరాగా చూపించనూ కూడదు.

మూడోది మందు. ఆ 2002 అధ్యయనంలో వాడింది గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, దానితో మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ అనే కృత్రిమ హార్మోన్. పాల్గొన్నవారి సగటు వయసు 63. మా వదిన వయసు 52, ఆమెకు రాసింది ప్యాచ్, సహజ ప్రొజెస్టెరాన్. ఈ కొత్త జోడీతో రొమ్ముకు ముప్పు కొంత తక్కువని గమనింపు అధ్యయనాలు కొన్ని సూచిస్తున్నాయి. కానీ ఆ స్థాయిలో చీటీలు వేసి చేసిన ప్రయోగం లేదు. కాబట్టి ‘తక్కువ కావచ్చు’ వరకే. ‘లేదు’ అనడానికి వీల్లేదు. యోని పొడిబారినప్పుడు అక్కడే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీములు వేరే సంగతి. అవి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. లాన్సెట్ విశ్లేషణలోనూ వాటితో చెప్పుకోదగ్గ ముప్పు కనిపించలేదు.

చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసిన వారికి ఈ లెక్కలేవీ నేరుగా వర్తించవు. నలభై ఏళ్లకు ఆపరేషన్ అయిన మనిషికి, సహజంగా ఇంకో పదేళ్లు ఒంట్లో ఊరాల్సిన హార్మోన్ ఒక్కరోజులో ఆగిపోతుంది. అందుకే సహజ మెనోపాజ్ వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఇవ్వడాన్ని డాక్టర్లు సాధారణంగా సమర్థిస్తారు. ఇంటి దగ్గర అలాంటి ఆపరేషన్ అయినవారు ఉంటే, అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది డిశ్చార్జి కాగితంలో ముందు చూడాలి.

అమ్మాయిల మాత్రల సంగతి

వదిన కూతురికి 24 ఏళ్లు. పీసీఓఎస్‌కు డాక్టర్ గర్భనిరోధక మాత్రలే రాసింది. తల్లికి అదో దిగులు. 2017లో డెన్మార్క్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 15 నుంచి 49 ఏళ్ల మహిళలు 18 లక్షల మందిని సగటున దాదాపు 11 ఏళ్లు గమనించారు. హార్మోన్ గర్భనిరోధకాలు వాడుతున్నవారిలో, ఈమధ్యే ఆపినవారిలో రొమ్ము క్యాన్సర్ 20 శాతం ఎక్కువ. మళ్లీ శీర్షికల్లోకి ఎక్కింది 20.

ధర చీటీ తిప్పి చూద్దాం. ఏడాదికి లక్షమందిలో వాడనివారికి 55, వాడినవారికి 68. అదనం 13. అంటే దాదాపు 7,690 మంది ఒక ఏడాది వాడితే ఒక అదనపు కేసు. అదీ అన్ని వయసులూ కలిపితే. క్యాన్సర్ చాలా అరుదైన 35 లోపు వయసులో అదనం లక్షకు రెండే. 50,000 మంది అమ్మాయిలు ఒక ఏడాది వాడితే ఒకరు. నలభై దాటినవారికి మొదలు సంఖ్యే పెద్దది కాబట్టి అదే మాత్రకు అదనమూ పెద్దది. వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ కూడా ముప్పు పెరిగింది. ఏడాది లోపు వాడినవారిలో 9 శాతం, పదేళ్లు దాటినవారిలో 38 శాతం. రెండో వైపు, ఇవే మాత్రలు అండాశయ, గర్భసంచి క్యాన్సర్లను తగ్గిస్తాయన్నది కూడా స్థిరపడిన విషయం. ఒక చేతి లెక్క చెప్పి రెండో చేతిది దాస్తే అది సగం లెక్క.

డాక్టర్ గదిలో అడగాల్సినవి

శాతం వినపడగానే మూడు ప్రశ్నలు వేస్తే చాలు. మందు వాడకపోతే నాలాంటివారు వెయ్యిమందిలో ఎంతమందికి వస్తుంది? వాడితే ఎంతమందికి? ఎన్నేళ్లలో? ఈ మూడింటికీ జవాబు దొరికితే శాతంతో పనిలేదు. దొరక్కపోతే ఆ శాతం మీద నిర్ణయం తీసుకోకూడదు.

కొందరికి ఈ లెక్కలు వేసే అవసరమే రాదు. ఇదివరకే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు మెనోపాజ్ హార్మోన్లను మామూలుగా వాడకూడదు. బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవారు ప్రత్యేక నిపుణుల దగ్గరే తేల్చుకోవాలి. మామూలు ముప్పు ఉన్నవారు హార్మోన్లు వాడినా, వాడకపోయినా 40 నుంచి 74 వరకు రెండేళ్లకోసారి మామోగ్రామ్ చేయించుకోవాలన్నది అమెరికాలో 2024 నాటి సిఫార్సు. రెండు హార్మోన్లు కలిపి వాడుతుంటే రొమ్ము కణజాలం చిక్కబడి ఫిల్మ్ చదవడం కష్టం కావచ్చు. కాబట్టి పరీక్షకు వెళ్లినప్పుడు హార్మోన్లు వాడుతున్నామని చెప్పాలి. మళ్లీ రమ్మని పిలిస్తే అదే క్యాన్సర్ అని గుండె పట్టుకోనక్కర్లేదు.

మా వదిన మామోగ్రామ్ చేయించుకున్నాకే సంచీ విప్పింది. ఏడాది తరువాత మళ్లీ డాక్టర్‌తో కూర్చుని కొనసాగించాలా, ఆపాలా చూసుకుంటానంది. వాళ్ల తోడికోడలిది కూడా ఇంచుమించు అదే వయసు, అవే ఆవిర్లు. కానీ ఆమె అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమె తన లెక్క తాను వేసుకుని హార్మోన్లు వద్దనుకుంది. హార్మోన్ లేని వేరే మందు రాయించుకుంది. ఇద్దరూ చూసింది ఒకే అధ్యయనం. ఇద్దరి మొదలు సంఖ్యలే వేరు.